తుప్పు పట్టిన సెంటర్ లాకు, ఓనరుగారికి ఒక ఉత్తరం

షట్టరుకు ఉన్న తాళాలన్నీ ఒక్కరివి కావు. రెండు పక్కలా కొండీలకు మనం రోజూ వేసి తీసే తాళం కప్పలు మనం కొనుక్కున్నవి. అవి పాడైతే ఎవరినీ అడగక్కర్లేదు, కొత్తవి తెచ్చుకోవచ్చు. షట్టరు కింది పట్టీకి మధ్యలో వెల్డింగుతో అతికించి ఉండే సెంటర్ లాకు సంగతి వేరు. అది షట్టరులో భాగం, షట్టరు గదిలో భాగం, గది ఓనరుగారిది. అది ఎంత తుప్పు పట్టినా, ఎన్నేళ్లుగా పనిచేయకపోయినా, కోయించాలంటే ఆయన ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కాగితం మీద ఎలా తీసుకోవాలో ఈ అధ్యాయంలో ఒక ఉదాహరణతో చూద్దాం.

కాకినాడలో ఒక రెడీమేడ్ బట్టల దుకాణం అనుకోండి. దుకాణదారు ఆ గదిలో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్నాడు. ఓనరుగారు రిటైరైన టీచరు, వీధిలో అందరికీ మాస్టారు. ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నారు. అద్దె నెలనెలా బ్యాంకులో పడిపోతుంది. ఇద్దరూ కలిసేది ఏ సంక్రాంతికో.

సముద్రం పక్క ఊళ్లో ఇనుము ఎలాగూ త్వరగా తుప్పు పడుతుంది. దానికి తోడు పొద్దున్నే దుకాణం ముందు కడిగి నీళ్లు చల్లుతాం. ఆ నీళ్లు ముందు చిందేది నేలకు ఆనుకుని ఉండే సెంటర్ లాకు మీదే. పక్క తాళం కప్పల కంటే ఇది ముందు పాడవడానికి కారణం అదే. మన దుకాణదారు లాకు కూడా నాలుగు నెలల కిందట బిగుసుకుపోయింది. అప్పటి నుంచి పక్కనున్న రెండు కప్పలతోనే నెట్టుకొస్తున్నాడు.

ఇలా నెట్టుకురావడం ప్రమాదం. షట్టరు దొంగతనాల్లో తరచూ జరిగేది ఒకటుంది. పక్క తాళాల జోలికి పోకుండా, షట్టరు మధ్యలో కింద గడ్డపార గాని జాకీ గాని పెట్టి పైకి లేపుతారు. రేకు మెత్తగా వంగుతుంది. మనిషి దూరేంత సందు చాలు. ఆ మధ్య భాగాన్ని నేలకు పట్టి ఉంచేది సెంటర్ లాకు ఒక్కటే. దాని నాలుక గడప సిమెంటులో పాతిన ఇనుప గూడులోకి దిగి పట్టుకుంటుంది. ఉత్తరంలో ముందుగా చెప్పాల్సిన కారణం ఇదే. "తాళం పాడైంది" అంటే ఓనరుగారికి చిన్న అసౌకర్యంలా వినిపిస్తుంది. షట్టరు మధ్యలో పట్టు లేదంటే ఆయన వెంటనే అర్థం చేసుకుంటారు.

ఉత్తరం రాసే ముందు చేయాల్సింది కొంత ఉంది. "నూనె పోసి చూశావా?" అన్నది ఓనరు ఎవరైనా అడిగే మొదటి మాట. కాబట్టి పోసి చూడాలి. తుప్పు వదిలించే స్ప్రే గాని కిరోసిన్ గాని తాళంచెవి కన్నంలోనూ, నాలుక దిగే చోటా పట్టించి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే పెట్టె మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టి చెవి తిప్పి చూడాలి. కటింగ్ ప్లేయరుతో చెవిని పట్టి బలంగా తిప్పకూడదు. చెవి లోపల విరిగితే ఉన్న కాస్త అవకాశమూ పోతుంది. చెవి సగమే దిగుతున్నా, పూర్తిగా తిరిగినా నాలుక కదలకపోయినా లోపలి భాగాలు పోయినట్టే. ఇక లాకు మార్చాల్సిందే.

ఇంకో పరీక్ష కూడా చేయాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. లాకు చుట్టూ ఉన్న కింది పట్టీని స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడండి. పై పొర రాలి కింద గట్టి ఇనుము తగిలితే ఫర్వాలేదు. మొన లోపలికి దిగిపోతే పట్టీయే కుళ్లిపోయిందన్నమాట. దానికి కొత్త లాకు బిగించినా పట్టు ఉండదు. అప్పుడు పట్టీ మార్చాలి, ఆ ఖర్చు వేరు, అది ఎవరు భరించాలన్న మాట వేరు. ఆ విషయం లాకు ఉత్తరంలో కలపొద్దు. ముందు మాస్టారితో మాట్లాడి, పట్టీ గురించి విడిగా రాయాలి.

ఆ తర్వాత షట్టరు మేస్త్రీని పిలిచి ఎలా కోస్తాడో, కొత్తది ఎలా బిగిస్తాడో, ఎంతవుతుందో అడగాలి. గ్యాస్ కటింగ్ అంటే వద్దనండి, ఆ వేడికి పట్టీ వంకర పోతుంది. నాలుగంగుళాల కటింగ్ వీలు పెట్టిన చేతి మెషినుతో వెల్డింగు అతుకుల్ని కోస్తే పట్టీ దెబ్బతినదు. కొత్త లాకు కూడా వెల్డింగు చేస్తే పని త్వరగా అయిపోతుంది గాని, ఆ వేడికి పట్టీ మీది పూత కాలిపోయి మళ్లీ అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. బోల్టులతో బిగించడమే మేలని నా అభిప్రాయం. బోల్టు గుండు తల బయటకీ, నట్టు లోపలికీ ఉండాలి. బయటి నుంచి ఎవరూ విప్పలేరు, మళ్లీ మార్చాల్సి వస్తే కోయక్కర్లేదు.

ఇంత చిన్న పనికి అనుమతి దేనికని కొందరు అడుగుతారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ అద్దెకిచ్చినవారి, తీసుకున్నవారి హక్కుల్నీ బాధ్యతల్నీ చెబుతుంది. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే అదే వర్తిస్తుంది. అద్దెకున్నవారు ఆస్తిని తాము తీసుకున్నప్పటి స్థితిలోనే ఉంచి తిరిగి అప్పగించాలి, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు మాత్రం మినహాయింపు. తుప్పు అరుగుదల కిందికి వస్తుంది. మెషిను పెట్టి కోయడం రాదు. ఓనరుకు చెప్పకుండా కోస్తే, ఖాళీ చేసే రోజున "షట్టరు పాడు చేశావు" అని అడ్వాన్సులో పట్టుకుంటే మన చేతిలో చూపించడానికేమీ ఉండదు.

ఇదే సెక్షన్‌లో ఇంకో మాట ఉంది, దాన్ని అరకొరగా విన్నవాళ్లు ఎక్కువ. ఓనరు చేయించాల్సిన రిపేరును, తెలియజేసిన తర్వాత కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకోవచ్చు. అయితే ఆ రిపేరు ఓనరు బాధ్యతై ఉండాలి. అగ్రిమెంటులో చిన్న రిపేర్లు అద్దెకున్నవారివే అని రాసి ఉంటే ఈ వెసులుబాటు పనికిరాదు. కాబట్టి అద్దెలో ముందే కోసుకుని ఆ తర్వాత చెప్పే పని ఎప్పుడూ పెట్టుకోవద్దు.

దొంగతనం బీమా ఉన్నవారికి మరో కారణం ఉంది. ఇలాంటి పాలసీల్లో బలప్రయోగంతో లోపలికి చొరబడినట్టు కనిపించాలన్న షరతు మామూలు. 2004లో ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా పాలసీలో రాసిన ఆ షరతును అలాగే పాటించాలని చెప్పింది. రేపు ఏదైనా జరిగితే సర్వేయరు షట్టరు మీది ప్రతి గాటునూ చూస్తాడు. ఏ గాటు మేస్త్రీదో, ఏది దొంగదో తేల్చడానికి తేదీ ఉన్న ఉత్తరం, ఫోటోలు ఉంటే మనకు బలం.

ఇప్పుడు ఉత్తరం. చాలామంది పంపేది ఇలా ఉంటుంది: "మాస్టారూ, షట్టరు లాకు పాడైంది, కొత్తది వేయిస్తున్నాను." దీన్ని హైదరాబాదులో ఉన్న పెద్దాయన చదివితే ఏమనుకుంటారు? ఖర్చు తన మీద వేస్తాడా, షట్టరంతా మారుస్తాడా, చెవులు ఎవరి దగ్గరుంటాయి, తనని అడుగుతున్నాడా, జరిగింది చెబుతున్నాడా? జవాబు ఇవ్వడానికి ఆయనకు వీలే ఉండదు. అందుకే మూడు రోజులు చూసి ఊరుకుంటారు, లేదా కోపంగా ఫోను చేస్తారు. మన దుకాణదారు రాసిన ఉత్తరం ఇది.

కాకినాడ,
తేదీ: 12-06-2025

పూజ్యులైన మాస్టారు గారికి,

నమస్కారం. మీరు, అమ్మాయిగారు, పిల్లలు అందరూ కులాసా అని తలుస్తాను.

మీ భవనంలో కింది వరసలో రోడ్డు వైపు నుంచి రెండో గది, నేను బట్టల దుకాణం నడుపుతున్నది, దాని షట్టరు గురించి రాస్తున్నాను. షట్టరు కింది పట్టీకి మధ్యలో వెల్డింగు చేసి ఉన్న పాత సెంటర్ లాకు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తాళంచెవి సగం వరకే దిగుతోంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రెండు రాత్రులు ఉంచి చూశాను. షట్టరు మేస్త్రీకి కూడా చూపించాను. లోపలి నాలుక ఉబ్బిపోయింది, ఇక బాగుపడదన్నాడు. నాలుగు నెలలుగా షట్టరు రెండు పక్కల తాళం కప్పల మీదే ఉంటోంది. మధ్యలో పట్టు లేదు గనక ఎవరైనా పైకి లేపితే లేస్తుంది. రాత్రిళ్లు సరుకు గురించి భయంగా ఉంటోంది.

మీరు అనుమతిస్తే ఆ లాకును కోయించి, అదే చోట అదే సైజు కొత్త సెంటర్ లాకు వేయిస్తాను. కోసేది లాకు పెట్టెను పట్టీకి అతికించిన వెల్డింగు వరకే. షట్టరు రేకులు, పక్క గైడ్లు, పైన స్ప్రింగు పైపు, కింద గడప, వీటిలో దేన్నీ ముట్టుకోం. కొత్తదాన్ని నాలుగు బోల్టులతో బిగిస్తాం. అందుకు కింది పట్టీకి నాలుగు కన్నాలు వేయాలి. కోసిన చోట రెడ్ ఆక్సైడ్ పూసి, దానిపైన షట్టరు రంగే వేయిస్తాను.

లాకుకు, కూలికి కలిపి 2,200 రూపాయలు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. అది నేనే పెట్టుకుంటాను. అద్దెలోంచి గాని అడ్వాన్సులోంచి గాని తగ్గించమని అడగను. కొత్త లాకు గదితోనే ఉంటుంది. ఖాళీ చేసే రోజున దాన్ని విప్పుకుని వెళ్లను, తాళంచెవులన్నీ మీకు అప్పగిస్తాను. అప్పటిదాకా చెవులు నా దగ్గరే ఉంటాయి. పాత లాకును పారేయను. మీరు వచ్చినప్పుడు చూసి ఏం చేయమంటే అది చేస్తాను.

మీరు ఒప్పుకుంటే 22వ తేదీ ఆదివారం ఉదయం పని పెట్టుకుంటాను. షరతులేమైనా ఉంటే చెప్పండి, అలాగే చేయిస్తాను. మీ జవాబు వచ్చేదాకా లాకును ముట్టుకోను. కింద జాగా వదిలాను. అక్కడ మీ మాట రాసి సంతకం పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినా చాలు.

లాకు ఫోటోలు మూడు, మేస్త్రీ రాసిచ్చిన అంచనా కాగితం దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
(సంతకం)

ఈ ఉత్తరంలో ఏది ముట్టుకోమో చెప్పిన వాక్యం నాకు అన్నిటికంటే విలువైనది. ఓనరుకు లాకు మీద ప్రేమ ఉండదు. కోత మెషిను పెట్టాక పని ఎక్కడిదాకా పోతుందోనన్నదే ఆయన బెంగ. హద్దు మనమే గీస్తే ఆ బెంగ పోతుంది. నాలుగు కన్నాలు అని లెక్కతో సహా చెప్పడం కూడా ఇందుకే. ఓనరుకు నచ్చనిది ఏదైనా ఉంటే అది ఉత్తరంలోనే కనిపించాలి, పని అయ్యాక షట్టరు మీద కాదు.

చెవుల మాట రాయకుండా వదిలేయవద్దు. కొందరు ఓనర్లు ఒక చెవి తమ దగ్గర ఉండాలంటారు. లక్షల సరుకున్న దుకాణం చెవి ఇంకొకరి దగ్గర ఉండటం ఇద్దరికీ ఇబ్బందే, ఏదైనా పోతే అనుమానం ఆయన మీదికి వెళుతుంది. అయినా ఆయన పట్టుబడితే, చెవిని కవరులో పెట్టి అంటించి, అతుకు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి ఇవ్వడం మధ్యేమార్గం.

అందరూ తొందరపడి రాసే ఒక వాక్యం ఈ ఉత్తరంలో లేదు, గమనించండి. "వారంలో జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాను" అన్నది. మన దేశంలో కాంట్రాక్టు చట్టం ప్రకారం అవతలివారి మౌనాన్ని మనంతట మనం అంగీకారంగా మార్చుకోలేం. పైగా పెద్దాయనకు ఆ మాట బెదిరింపులా తగులుతుంది. జవాబు రాకపోతే ఫోను చేయండి. అప్పటికీ తేలకపోతే అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

వర్షానికి గోడ కారుతోందని, బోర్డు పెద్దది పెట్టుకుంటానని, అగ్రిమెంటు తిరగరాయాలని ఇందులోనే కలిపే అలవాటు కూడా మానుకోవాలి. మాస్టారు అన్నింటికీ ఒకేసారి జవాబు ఇవ్వాలని చూసి, ఏదీ తేల్చకుండా పక్కన పెడతారు. ఓనరుగారు కాలం చేసి గది పిల్లలకు వచ్చి ఉంటే, అద్దె ఎవరి పేరుకు వెళ్తోందో వారికి రాసి, మిగతావారికి నకలు పంపాలి.

మాస్టారి జవాబు రెండు రోజుల్లో వచ్చింది. "ఏమయ్యా, అన్నీ వివరంగా రాశావు, సంతోషం. లాకు మార్చుకో. వెల్డింగు వద్దు, బోల్టులే వేయించు. గడప మాత్రం పగలగొట్టొద్దు, అది నాన్నగారి కాలంలో వేసిన బండ. పగలాల్సి వస్తే పని ఆపి నాకు ఫోను చెయ్యి." షరతుతో కూడిన అనుమతి వచ్చింది కాబట్టి మన దుకాణదారు వెంటనే ఒక వాక్యం తిరిగి పంపాడు: "అలాగే మాస్టారూ, బోల్టులతోనే బిగిస్తాం, గడప ముట్టుకోం." ఇద్దరూ ఒకే విషయానికి ఒప్పుకున్నారని ఆ చిన్న జవాబుతో ఖాయమైంది.

ఆదివారం పొద్దున ముందు వరస బట్టలన్నీ లోపలికి జరిపి, తడిపిన గోనె సంచులు అడ్డం కట్టారు. కోసేటప్పుడు రవ్వలు చాలా దూరం ఎగురుతాయి, బట్టల దుకాణంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. షట్టరును నడుము ఎత్తుకు లేపి, కదలకుండా రెండు పక్కలా కర్రలు ఆనించారు. కోయక ముందు, కోసిన వెంటనే, బిగించాక మూడుసార్లు ఫోటోలు తీశారు.

తేడా వచ్చింది నాలుక దగ్గర. ఇలాంటి పనిలో ఎక్కువగా బెడిసికొట్టేది అక్కడే. కొత్త లాకు పెట్టె పాతదాని కంటే పల్చన, దాంతో నాలుక గూడులోకి దిగకుండా వేలి వెడల్పంత పక్కకు పడింది. "గడప కాస్త చెక్కితే అయిపోతుంది" అన్నాడు మేస్త్రీ. మాస్టారి షరతు లేకపోతే చెక్కేసేవాళ్లే. ఉత్తరం చూపించేసరికి, పెట్టెకూ పట్టీకీ మధ్య ఇనుప ప్యాకింగ్ ముక్క పెట్టి, పొడుగు బోల్టులు వేసి నాలుకను గూడుకు సరిగ్గా తెచ్చాడు. ఖర్చు 150 రూపాయలు పెరిగింది. షట్టరు దించి, చెవి తిప్పి, లోపల ఒకరు, బయట ఒకరు నిలబడి మధ్యలో పట్టుకుని పైకి లాగి చూశారు. కదల్లేదు. చివర్లో చెవి కన్నంలో గ్రాఫైటు పొడి వేశారు. నూనె పోస్తే దుమ్ము పట్టి ముద్ద కడుతుంది గనక కొత్త లాకుకు పొడే మంచిది.

ఒక్కోసారి ఉత్తరానికి వ్యవధి ఉండదు. రాత్రి వేసిన లాకు పొద్దున తెరుచుకోదు, చెవి లోపల విరుగుతుంది. అప్పుడు ఓనరుకు ఫోను చేసి, బిగుసుకున్న లాకు ఫోటో వాట్సాప్‌లో పంపి, "కోయించనా మాస్టారూ?" అని అక్కడే రాసి అడగాలి. ఆయన "సరే" అన్న మెసేజి వచ్చాక, పక్క దుకాణాలవాళ్లను ఇద్దరిని నిలబెట్టి, కోతను వీడియో తీయాలి. మిగతా వివరాలతో ఉత్తరం ఆ సాయంత్రమే రాయాలి.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. అద్దె తగాదాలో ఓనరు వేసిన తాళానికి గాని, బ్యాంకు, కోర్టు, మున్సిపాలిటీ వేసిన సీలుకు గాని ఇవేవీ వర్తించవు. వాటి మీద మెషిను పెట్టకూడదు. ఓనరు చట్టప్రకారం కాకుండా తాళం వేసి మిమ్మల్ని బయటకు నెట్టాడనుకుంటే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లే దారి ఉంది. అలాంటప్పుడు పిలవాల్సింది లాయరును, మేస్త్రీని కాదు.

పని అయిన సాయంత్రం మన దుకాణదారు మాస్టారికి మూడు ఫోటోలు, బిల్లు పంపి ఇలా రాశాడు: "మాస్టారూ, లాకు పని ఈ ఉదయం అయింది. బోల్టులతోనే బిగించాం. గడప చెక్కలేదు, నాలుక కుదరక మధ్యలో ఒక ఇనుప ముక్క వేశాం, ఫోటోలో చూడవచ్చు. మొత్తం 2,350 రూపాయలు అయింది, నేనే ఇచ్చాను. చెవులు మూడు, నా దగ్గరున్నాయి. పాత లాకు సంచిలో కట్టి తేదీ రాసి లోపలి అలమరలో పెట్టాను." ఉత్తరం నకలు, మాస్టారి జవాబు, బిల్లు కాగితాలుగా తీయించి అగ్రిమెంటుకు పిన్ను చేశాడు. పదకొండు నెలల అగ్రిమెంటు మళ్లీ రాసుకునేటప్పుడు, గదిలో ఓనరుకు చెందిన ఫ్యాన్లు, లైట్లు రాసే చోట "షట్టరుకు బోల్టులతో బిగించిన సెంటర్ లాకు ఒకటి, తాళంచెవులు మూడు" అన్న లైను చేర్పించాలని అదే కాగితం వెనక రాసుకున్నాడు.